240 మైక్రోజౌళ్లు ఎటు పోయాయి?

సీలింగ్ ఫ్యాన్ స్టెప్ రెగ్యులేటర్‌ను విప్పి చూస్తే లోపల పెద్ద సరంజామా ఏమీ కనపడదు. తిప్పే స్విచ్చి, ఒకటి రెండు చిన్న రెసిస్టర్లు, డబ్బీల్లాంటి రెండు కెపాసిటర్లు, అంతే. కంపెనీని బట్టి విలువలు మారినా, ఒకటి 2.2 మైక్రోఫారడ్‌లు, ఇంకోటి 3.3 ఉండటం మామూలు. ఒకటో నంబరులో కరెంటు చిన్న కెపాసిటర్ గుండా ఫ్యాన్‌కు వెళ్తుంది, రెండో నంబరులో పెద్దదాని గుండా. మూడో నంబరులో రెండూ పక్కపక్కన చేరి 5.5 మైక్రోఫారడ్‌లవుతాయి. చివరి నంబరులో రెండింటినీ దాటేసి కరెంటు నేరుగా ఫ్యాన్‌కే పోతుంది. రెండు డబ్బీలతో నాలుగు వేగాలన్నమాట.

సీనియర్ ఇంటర్ భౌతికశాస్త్రంలో వచ్చే శ్రేణి, సమాంతర సంధానాల్లో ఒకటి ఇలా ఇంటి గోడలోనే ఉంది. అయినా పరీక్షలో పిల్లలు తడబడేది ఇక్కడే. రెసిస్టర్ల పాఠం బుర్రలో నాటుకుపోయి ఉంటుంది కాబట్టి శ్రేణి అనగానే కూడేస్తారు. కెపాసిటర్లకు ఆ పద్ధతి తిరగబడుతుంది. పక్కపక్కన కలిపితే కూడాలి, ఒకదాని వెనక ఒకటి కలిపితే విలోమాలు కూడాలి.

ఎందుకు తిరగబడుతుందో ఒక్క లెక్కతో చూడవచ్చు. లెక్క తేలికగా ఉండటానికి రెగ్యులేటర్ విలువలను 2, 3 మైక్రోఫారడ్‌లు అనుకుందాం. రెండింటినీ శ్రేణిలో కలిపి 100 వోల్టుల డీసీ బ్యాటరీకి తగిలించారు. రెండు కెపాసిటర్లకూ మధ్యనున్న తీగ ముక్కను గమనించండి. దానికి బ్యాటరీతో ఏ సంబంధమూ లేదు, అటూ ఇటూ తెగిన ద్వీపం లాంటిది. బయటి నుంచి దానిలోకి ఆవేశం వచ్చే దారే లేదు. కాబట్టి ఒక పలక మీద ఎంత ధనావేశం చేరిందో, ఆ తీగకు రెండో కొసనున్న పలక మీద అంతే రుణావేశం ఉండాలి. అందుకే శ్రేణిలో ఉన్న కెపాసిటర్లన్నిటి ఆవేశమూ ఒకటే.

2, 3 శ్రేణిలో కలిస్తే 1.2 మైక్రోఫారడ్‌లు. Q = CV ప్రకారం ఆవేశం 120 మైక్రోకూలుంబులు. దాన్ని 2తో భాగిస్తే 60 వోల్టులు, 3తో భాగిస్తే 40. చిన్న కెపాసిటర్ మీదే ఎక్కువ వోల్టేజి పడింది! రెండింటి మీదా 50 వోల్టుల పరిమితి ముద్రించి ఉంటే, 50, 50 కలిసి 100 తట్టుకుంటాయనుకోవడం పొరపాటు. చిన్నదాని మీద 60 పడి అది దెబ్బతింటుంది. అది షార్ట్ అయిందంటే మొత్తం 100 వోల్టులూ రెండోదాని నెత్తిన పడతాయి. ఈ జంట నిజంగా భరించగలిగేది సుమారు 83 వోల్టులే. చిన్నది 50 వోల్టుల దగ్గర పట్టుకోగలిగిన 100 మైక్రోకూలుంబులను 1.2తో భాగిస్తే వచ్చే అంకె అది.

ఇక శక్తి సంగతి. U = ½CV² వాడితే చిన్నదానిలో 3600, పెద్దదానిలో 2400, మొత్తం 6000 మైక్రోజౌళ్లు. కానీ బ్యాటరీ ఖర్చు పెట్టింది ఎంత? 120 మైక్రోకూలుంబులను 100 వోల్టుల మీద నెట్టింది కాబట్టి 12,000. సరిగ్గా సగం మాయమైంది.

మిగతా సగం తీగల్లో వేడిగా పోయింది. తీగ నిరోధం తగ్గిస్తే ఈ నష్టం తగ్గాలి కదా అని ఎవరికైనా తోస్తుంది. తగ్గదు. మొదట్లో కెపాసిటర్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి 100 వోల్టుల తేడా అంతా తీగ మీదే పడుతుంది, నిండేకొద్దీ అది సున్నాకు దిగుతుంది. సగటున 50 వోల్టులు. ఆ తేడాలో 120 మైక్రోకూలుంబులు జారాయి కాబట్టి వేడి 6000. ఈ లెక్కలో నిరోధం ఎక్కడా రాలేదు. దాని పని వేగాన్ని నిర్ణయించడమే. వెయ్యి ఓమ్‌ల నిరోధం పెడితే కాలస్థిరాంకం 1.2 మిల్లీసెకన్లు, దానికి అయిదు రెట్ల సమయంలో 99 శాతానికి పైగా నిండిపోతుంది. పదివేల ఓమ్‌లు పెడితే పదింతలు ఆలస్యమవుతుంది, వేడి మాత్రం అంతే.

నష్టం తగ్గాలంటే నెట్టే తీరు మార్చాలి. ముందు 50 వోల్టుల బ్యాటరీతో నింపి, తర్వాత 100కు మారిస్తే ఒక్కో దఫాలో 1500 చొప్పున వేడి 3000 మైక్రోజౌళ్లే అవుతుంది. మెట్లు ఎన్ని ఎక్కువైతే నష్టం అంత తక్కువ.

ప్రశ్నపత్రం రాసేవారికి ఇష్టమైన మెలిక ఇంకొకటి ఉంది. నిండిన ఈ రెండు కెపాసిటర్లనూ బ్యాటరీ నుంచి విడదీసి, ధన పలకను ధన పలకతో, రుణ పలకను రుణ పలకతో కలిపితే ఏమవుతుంది? చాలామంది మొత్తం ఆవేశం 120 అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. బ్యాటరీ ఇచ్చింది 120యే అయినా, ఇప్పుడు రెండు ధన పలకలు ఒకచోట చేరాయి, ఒక్కో దాని మీద 120 ఉంది. కాబట్టి 240. దాన్ని 5 మైక్రోఫారడ్‌లతో భాగిస్తే 48 వోల్టులు. శక్తి 5760. అంటే 240 మైక్రోజౌళ్లు తగ్గాయి.

వాటి జాడ కూడా దొరుకుతుంది. కలిపేముందు ఒకటి 60, ఒకటి 40 వోల్టుల దగ్గరున్నాయి. చిన్నదాని ఆవేశం 120 నుంచి 96కు దిగింది, పెద్దదానిది 144కు ఎక్కింది. అంటే 24 మైక్రోకూలుంబులు ఇటు నుంచి అటు జారాయి. తేడా 20 వోల్టుల దగ్గర మొదలై సున్నాకు చేరింది, సగటు 10. 24 పదులు 240. బ్యాటరీ దగ్గర సగం శక్తి ఎందుకు పోయిందో, ఇక్కడా కారణం అదే. పలకలను తారుమారుగా, ధనాన్ని రుణంతో కలిపితే 120, 120 కొట్టేసుకుని మొత్తం 6000 మైక్రోజౌళ్లూ తీగల్లో వేడిగా, కొనల దగ్గర చిన్న మెరుపుగా పోతాయి.

ఎలక్ట్రీషియన్ పాత ఫ్యాన్ కండెన్సర్‌ను ముట్టుకునే ముందు స్క్రూడ్రైవర్‌ను రెండు కొసలకూ తాకించినప్పుడు చిటుక్కుమనేది ఇలాంటి మెరుపే. ‘కండెన్సర్’ అన్న పాత మాట 1782లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా వాడినది. పుస్తకాలు దాన్ని వదిలేసి కెపాసిటర్‌కు మారినా, మన కరెంటు సామాన్ల దుకాణంలో ఇంకా అదే నడుస్తోంది.

రెగ్యులేటర్‌లో అంత హడావుడి అక్కర్లేకుండా ఆ చిన్న రెసిస్టరు చూసుకుంటుంది. 2.2 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌కు అడ్డంగా 220 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉందనుకుంటే కాలస్థిరాంకం దాదాపు అర సెకను. స్విచ్చి ఆపాక రెండున్నర సెకన్లలో ఆవేశం ఒక శాతం లోపుకు దిగిపోతుంది.