అతుకు దగ్గర మాయమయ్యే రెండు వృత్తాలు

ఫ్యాక్టరీ ఆవరణల్లో నిలువుగా నిలబడి, నెత్తిన గుండ్రటి మూత ఉన్న ఉక్కు ట్యాంకులను చాలామంది చూసే ఉంటారు. అలాంటి ఒక ట్యాంకుకు బయట రంగు వేయించాలనుకుందాం. ట్యాంకు వ్యాసం 14 అడుగులు. నిటారు గోడ ఎత్తు 20 అడుగులు. దాని మీద సరిగ్గా సగం బంతి ఆకారంలో మూత. సగం బంతి కాబట్టి మూత ఎత్తు వ్యాసంలో సగం, అంటే 7 అడుగులు. నేల నుంచి కొస దాకా కొలిస్తే 27. రంగు, కూలి కలిపి చదరపు అడుగుకు 18 రూపాయలని మాట్లాడుకున్నారు. బిల్లు ఎంత అవ్వాలి?

పదో తరగతి సూత్రాలు గుర్తున్నవారు చకచకా రాసేస్తారు. స్థూపం సంపూర్ణతల వైశాల్యం 2πr(h + r), అర్ధగోళం సంపూర్ణతల వైశాల్యం 3πr². మొదటిది 1188, రెండోది 462, మొత్తం 1650 చదరపు అడుగులు, బిల్లు 29,700 రూపాయలు. రెండు సూత్రాలూ సరైనవే, గుణకారంలోనూ తప్పు లేదు. కానీ బిల్లులో 8,316 రూపాయలు ఎక్కువ పడ్డాయి.

ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే సూత్రాలను విప్పి, ఒక్కో తలాన్నీ విడిగా చూడాలి. స్థూపానికి మూడు తలాలు: చుట్టూ గోడ, పైన ఒక వృత్తం, కింద ఒక వృత్తం. అర్ధగోళానికి రెండు: వంపు తలం, దాన్ని బోర్లించినప్పుడు కింద ఉండే చదును వృత్తం. మన ట్యాంకు కొలతలతో గోడ 2πrh, అంటే 880 చదరపు అడుగులు. ఒక్కో వృత్తం πr², అంటే 154. మూత వంపు 2πr², అంటే 308.

ఇప్పుడు మూతను గోడ మీద కూర్చోబెట్టండి. స్థూపం పై వృత్తం, అర్ధగోళం చదును వృత్తం ఒకదానికొకటి అతుక్కుపోయాయి. బ్రష్షు వాటిని ఎక్కడా అంటుకోలేదు. నిజానికి ఉక్కు ట్యాంకులో అక్కడ రేకే ఉండదు. లోపల అంతా ఖాళీ. అవి వేరువేరు వస్తువులుగా ఉన్నప్పుడు మాత్రమే ఉండే తలాలు. కలపగానే రెండూ పోతాయి. ఇక్కడే చాలామంది తడబడతారు. అతుకు ఒక్కటే కదా అని ఒక్క వృత్తాన్నే తీసేస్తారు. అతుకు ఒక్కటే, కానీ దానికి రెండు వైపులు. స్థూపం తన వంతు ఒకటి, అర్ధగోళం తన వంతు ఒకటి పోగొట్టుకుంటాయి. తీసెయ్యాల్సింది 154 కాదు, 308.

1650 లోంచి 308 పోతే 1342. అది బొమ్మ మొత్తానికి, అడుగు భాగంతో సహా, సంపూర్ణతల వైశాల్యం. పరీక్ష పేపర్లో ప్రశ్న అంతవరకే ఉంటే లెక్క అక్కడ ఆగుతుంది. మన ట్యాంకు అడుగు మాత్రం కాంక్రీటు పునాది మీద కూర్చుంది. దానికి బయటి నుంచి రంగు వేసేది లేదు. ఆ 154 కూడా పోతే మిగిలేది 1188, బిల్లు 21,384 రూపాయలు. మొదటి బిల్లులో మూడు వృత్తాలకు లేని రంగు వేశారన్నమాట.

అదే ట్యాంకుకు లోపల తుప్పు పట్టకుండా పూత వేయించాలంటే లెక్క మారుతుంది. రేకు మందం లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత సన్నం కాబట్టి గోడ అదే 880, మూత అదే 308. కానీ లోపల అడుగు రేకు కనిపిస్తుంది, దానికీ పూత కావాలి. కాబట్టి 1342. ఒకే ట్యాంకుకు బయట ఒక అంకె, లోపల ఇంకో అంకె. అందుకే సూత్రం వెతికే ముందు చెయ్యి ఎక్కడెక్కడ తగులుతుందో చూసుకోవడం నయం. చెయ్యి తగిలే తలాలను ఒక్కొక్కటిగా కూడుకుంటూ పోతే తీసివేతల గొడవే ఉండదు. ముందు అంతా కలిపి, తర్వాత తీసేద్దామనుకున్నప్పుడే ఏదో ఒకటి మిగిలిపోతుంది.

ఘనపరిమాణానికి ఈ బాధ లేదు. స్థూపంలో పట్టే నీళ్లకు మూతలో పట్టే నీళ్లు కలిపితే సరిపోతుంది, అతుకు వల్ల చుక్క తగ్గదు. వైశాల్యం అలా కూడదు. దాన్నీ దీన్నీ ఒకే అధ్యాయంలో వెంటవెంటనే చదవడం వల్లనే పిల్లలు అక్కడి అలవాటును ఇక్కడికి తెస్తారని నా అనుమానం.

పై అంకెల్లో ఒక చిత్రం ఉంది. బయటి రంగు లెక్క 1188 వచ్చింది. మూత సంగతే మర్చిపోయి, స్థూపం ఒక్కదాని సంపూర్ణతల వైశాల్యం వేసినవాడికీ మొదట్లో 1188 వచ్చింది. ఇది మన కొలతల వల్ల కుదిరింది కాదు, ఎప్పుడూ ఇంతే. మూత వంపు తలం 2πr², స్థూపం రెండు చదును వృత్తాలు కలిపినా 2πr². పై వృత్తాన్ని, కింది వృత్తాన్ని తప్పుగా కలిపితే మూతను మర్చిపోయిన తప్పు పూడిపోయింది. ఇలాంటి జవాబుకు మార్కులు వేసేముందు ఉపాధ్యాయులు వరసలన్నీ చూడాలి. అదే ప్రశ్నలో అడుగు భాగం కూడా కలపమని అడిగితే ఆ పద్ధతి వెంటనే బయటపడుతుంది.

సగం బంతి వంపు సరిగ్గా రెండు వృత్తాలంత ఎందుకు ఉండాలి? బంతి మొత్తం ఉపరితలం దాని నడిమి వృత్తానికి నాలుగు రెట్లని క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో సిరక్యూస్ నగరవాసి ఆర్కిమెడీస్ నిరూపించాడు. మన దగ్గర భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ఇదే నియమం చెప్పాడు. ఆర్కిమెడీస్ ఫలితంలో ట్యాంకుకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. గోళాన్ని ఎక్కడైనా ఒకే ఎత్తు గల అడ్డ పట్టీలుగా కోస్తే, ఏ పట్టీ వైశాల్యమైనా ఒక్కటే. ఆ గోళాన్ని సరిగ్గా పట్టేసే స్థూపం మీద అంతే ఎత్తు పట్టీకి ఎంత వైశాల్యమో, దీనికీ అంతే.

మన మూత మీదే చూద్దాం. అతుకు దగ్గర మొదటి అడుగు ఎత్తు మేరకు రంగు వేయండి. అక్కడ మూత దాదాపు నిటారుగా ఉంటుంది, కాబట్టి పట్టీ వెడల్పు అడుగు, చుట్టుకొలత దాదాపు 44 అడుగులు. ఇప్పుడు కొసన చివరి అడుగు ఎత్తుకు రండి. చుట్టుకొలత బాగా తగ్గిపోయింది. కానీ ఇక్కడ మూత పడుకున్నట్టు ఉంటుంది. కొస బిందువు నుంచి వంపు వెంట టేపు దించితే ఆ అడుగు ఎత్తు దిగడానికి దాదాపు 3.8 అడుగుల టేపు పడుతుంది. చుట్టుకొలత తగ్గినంత మేరకు వాలు వెడల్పు పెరిగింది. రెండు చోట్లా పట్టే రంగు 44 చదరపు అడుగులకు సరిపడేదే.

దీంతో ట్యాంకు లెక్క ఒక్క గుణకారంలో తేలిపోతుంది. గోడలో ప్రతి అడుగు ఎత్తుకూ 44 చదరపు అడుగులు, మూతలో ప్రతి అడుగు ఎత్తుకూ 44. మొత్తం ఎత్తు 27. నలభై నాలుగు ఇరవై ఏళ్లు 1188. అంటే బయటి వైశాల్యం 2πrH. ఇక్కడ H నేల నుంచి కొస దాకా ఉన్న ఎత్తు. గోడ ఎత్తు ఒక్కటే అనుకుంటే మూత మొత్తం లెక్క తప్పిపోతుంది. ఇంకో పొరపాటు దీనికి తిరగేసినది: ప్రశ్నలో మొత్తం ఎత్తు ఇస్తే, అందులోంచి వ్యాసార్ధం తియ్యకుండా 27నే గోడ ఎత్తుగా వేసి, మూతను మళ్లీ కలపడం. అప్పుడు మూత రెండుసార్లు లెక్కకొస్తుంది.

ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి పుస్తకంలో మందు క్యాప్సూల్ లెక్క ఒకటుంది. స్థూపానికి రెండు కొసలా అర్ధగోళాలు, మొత్తం పొడవు 14 మిల్లీమీటర్లు, వ్యాసం 5. పుస్తకం పద్ధతిలో ముందు స్థూపం పొడవు 9 అని తేల్చి, వంపు తలాలు కలుపుకుంటూ వెళ్లాలి. అతుకులు రెండు కాబట్టి నాలుగు వృత్తాలు పోతాయి. పట్టీల దారిలో అయితే చుట్టుకొలతను 14తో గుణిస్తే చాలు, 220 చదరపు మిల్లీమీటర్లు. పరీక్షలో అడుగులన్నీ రాయాల్సిందే, కానీ చివర సరిచూసుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

అసలు ఇబ్బంది ఫ్యాక్టరీలో ఎదురవుతుంది. ట్యాంకుల మూతలన్నీ సగం బంతులు కావు. చాలావాటికి ఇంకా పల్చగా, పళ్లెం బోర్లించినట్టు ఉండే మూతలు వాడతారు. కింద నిలబడి చూస్తే తేడా పట్టుకోవడం కష్టం. టేపుతో తేల్చుకోవచ్చు. ఒక వైపు వెల్డింగ్ అతుకు నుంచి కొస మీదుగా అవతలి అతుకు దాకా టేపు వేయాలి. సగం బంతి అయితే πr, మన ట్యాంకుకు 22 అడుగులు రావాలి. మూత 7కు బదులు మూడున్నర అడుగుల ఎత్తే ఉండి, పెద్ద గోళంలోంచి కోసిన ముక్కలా ఉంటే టేపు దాదాపు 16 అడుగుల పావు దగ్గర ఆగుతుంది. అప్పుడు మూత వైశాల్యం 308 కాదు. అతుకు వృత్తం వ్యాసార్ధం, మూత ఎత్తు, ఈ రెండింటి వర్గాలు కూడి πతో గుణించాలి. వచ్చేది 192.5. గోడతో కలిపి 1072.5 చదరపు అడుగులు. ఇక్కడ 44ను మొత్తం ఎత్తు 23.5తో గుణిస్తే 1034 వస్తుంది, అది తప్పు. ఆ సులువు సగం బంతికి, అదీ గోడ వ్యాసార్ధంతో సమానమైన వ్యాసార్ధం ఉన్నప్పుడే పనిచేస్తుంది.

మూత పల్చనైనా అతుకు సంగతి మాత్రం మారదు. గోడ, మూత తాకే చోట పోయేవి ఎప్పుడూ రెండు తలాలే. అవి ఎంత పెద్దవన్నది ఎంత మేర తాకాయన్న దాన్ని బట్టి ఉంటుంది. 14 అడుగుల చదును కప్పు మీద 7 అడుగుల వ్యాసం ఉన్న చిన్న సగం గుమ్మటం పెట్టారనుకోండి. తాకేది చిన్న వృత్తం మేరకే, 38.5 చదరపు అడుగులు. పెద్ద కప్పులోంచి అంత తీసేస్తే గుమ్మటం చుట్టూ 115.5 చదరపు అడుగుల వలయం మిగులుతుంది, దానికి రంగు వేయాలి. గుమ్మటం వంపు 77. తొందరలో పెద్ద వృత్తాన్ని మొత్తం కొట్టేస్తే ఆ వలయానికి రంగు తక్కువ తెస్తారు. ఏమీ కొట్టకుండా కప్పంతా కలిపితే గుమ్మటం కింద దాగినదానికీ డబ్బు కడతారు.