నిల్వకు బ్యాటరీ, వేగానికి సూపర్ కెపాసిటర్

బ్యాటరీ, సూపర్ కెపాసిటర్ రెండూ విద్యుత్తును దాచుకుని, అవసరమైనప్పుడు తిరిగి ఇచ్చే సాధనాలే. దాచుకునే పద్ధతిలో ఉన్న తేడా వల్ల ఒకదాని బలం రెండోదానికి బలహీనత అయింది.

లిథియం అయాన్ బ్యాటరీని ఛార్జ్ చేసినప్పుడు లిథియం అయాన్లు ఒక ఎలక్ట్రోడ్ నుంచి బయలుదేరి, మధ్యనున్న ద్రవాన్ని దాటి, అవతలి గ్రాఫైట్ పొరల లోపలికి చేరతాయి. పదార్థం లోపలి భాగమంతా నిల్వకు పనికొస్తుంది కాబట్టి తక్కువ బరువులో ఎక్కువ శక్తి ఇముడుతుంది. కానీ అయాన్లు లోపలికి చేరడానికి సమయం పడుతుంది. తొందరపెడితే సెల్ వేడెక్కుతుంది. పైగా ఛార్జ్ అయిన ప్రతిసారీ గ్రాఫైట్ ఉబ్బి, ఖాళీ అయినప్పుడు కుంచించుకుంటుంది. అందుకే కొన్ని వందల నుంచి కొన్ని వేల సార్లు వాడాక బ్యాటరీ నీరసిస్తుంది.

సూపర్ కెపాసిటర్‌లో ఇలాంటి రసాయన మార్పు దాదాపు ఉండదు. దాని ఎలక్ట్రోడ్లకు పూతగా వాడేది యాక్టివేటెడ్ కార్బన్. దీన్ని తరచుగా కొబ్బరి చిప్పల బొగ్గు నుంచే తయారుచేస్తారు. కంటికి కనిపించని రంధ్రాలతో నిండిన ఈ పొడి ఒక్క గ్రాము తీసుకున్నా, లోపలి గోడల వైశాల్యం వెయ్యి చదరపు మీటర్లు దాటుతుంది. అయాన్లు ఆ గోడలకు ఆనుకుని నిలబడతాయి, అంతే. అందువల్ల ఛార్జింగ్ సెకన్లలో ముగుస్తుంది, పది లక్షల సార్లు వాడినా తట్టుకుంటుంది. అయితే వాడుకలోకి వచ్చేది ఉపరితలం మాత్రమే కనుక నిల్వ తక్కువ. 3000 ఫారడ్ల, 2.7 వోల్టుల సెల్ అరకిలో బరువుండి సుమారు 3 వాట్-అవర్ల శక్తిని దాచుకుంటుంది. 50 గ్రాములైనా లేని లిథియం సెల్ 10 వాట్-అవర్ల దాకా ఇస్తుంది.

ఈ తేడా ఎంతటిదో ఒక సిటీ బస్సు లెక్కలో తెలుస్తుంది. 15 టన్నుల బస్సు గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి ఆగేటప్పుడు బ్రేకుల్లో వృథా అయ్యే శక్తి సుమారు 0.4 యూనిట్లు. అది 10 సెకన్లలో వస్తే సగటున 145 కిలోవాట్ల ప్రవాహం అవుతుంది. 0.4 యూనిట్లు పట్టే బ్యాటరీ బరువు మూడు కిలోలకు మించదు, కానీ అంత ప్రవాహం ఒక్కసారిగా వచ్చిపడితే అది తట్టుకోలేదు. అదే పనికి సూపర్ కెపాసిటర్ సెల్స్ 180 దాకా కావాలి. బరువు 90 కిలోలే, ప్రవాహమూ వాటికి ఇబ్బంది కాదు. రోజుకు 300 సార్లు బ్రేకు పడితే ఏడాదికి లక్ష దాటుతుంది. ఆ ఆయుష్షు కూడా వీటికి ఉంది.

ఇప్పుడు అదే బస్సును రోజంతా విద్యుత్తుతోనే నడపాలనుకుంటే లెక్క తారుమారవుతుంది. కిలోమీటరుకు ఒక యూనిట్ చొప్పున 150 కిలోమీటర్లకు 150 యూనిట్లు కావాలి. అందుకు 50 వేల సూపర్ కెపాసిటర్ సెల్స్ పెట్టాలి. వాటి బరువు 25 టన్నులు, అంటే బస్సు కంటే ఎక్కువ. లిథియం బ్యాటరీ అయితే టన్ను బరువులో సరిపోతుంది. అంత పెద్ద బ్యాటరీ ఉన్న బస్సులో బ్రేకుల శక్తిని కూడా అదే తీసుకోగలదు. కాబట్టి సూపర్ కెపాసిటర్ అవసరం డీజిల్ ఇంజిన్‌తో పాటు మోటారు కూడా ఉండే హైబ్రిడ్ బస్సుల్లోనే ఎక్కువ. చైనాలోని షాంఘైలో 2006లో మరో దారి చూశారు. సూపర్ కెపాసిటర్ల బస్సులను నడుపుతూ స్టాపుల దగ్గరే ఛార్జ్ చేశారు. మార్గం చిన్నదై, స్టాపులు దగ్గరదగ్గరగా ఉన్నచోటే అది కుదురుతుంది.

సూపర్ కెపాసిటర్‌కు ఇంకో రెండు పరిమితులున్నాయి. బ్యాటరీ వోల్టేజి చాలాసేపు నిలకడగా ఉంటుంది. దీని వోల్టేజి వాడుతున్నకొద్దీ పడిపోతూనే ఉంటుంది. సగానికి దిగేసరికి 75 శాతం శక్తి ఖర్చయిపోతుంది. అందుకే దానికి తోడు వోల్టేజిని సరిచేసే సర్క్యూట్ ఉండాలి. ఊరికే ఉంచినా వారాల్లో ఛార్జ్ తగ్గిపోతుంది కనుక దీర్ఘకాల నిల్వకు పనికిరాదు.

చాలా సెల్స్‌ను వరుసగా కలిపినప్పుడు ఏ ఒక్కదానిపైనా హద్దు మించి వోల్టేజి పడకూడదు. పడితే లోపలి ద్రవం విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది, డబ్బా ఉబ్బుతుంది. వోల్టేజిని సమానంగా పంచే బ్యాలెన్సింగ్ సర్క్యూట్ ఇందుకే. వయసు మీరిన సెల్ ఒక్కసారిగా చచ్చిపోదు. దాని సామర్థ్యం 20 శాతం తగ్గినా, లోపలి నిరోధం రెట్టింపైనా మార్చే సమయం వచ్చిందని లెక్క.

చలి విషయంలో మాత్రం సూపర్ కెపాసిటర్‌దే పైచేయి. అది మైనస్ 40 డిగ్రీల్లోనూ పనిచేస్తుంది. సాధారణ లిథియం సెల్‌ను సున్నా డిగ్రీల కంటే తక్కువలో ఛార్జ్ చేస్తే గ్రాఫైట్ మీద లిథియం లోహం పేరుకుని సెల్ పాడవుతుంది. గాలిమరల రెక్కలను అత్యవసరంగా తిప్పే యంత్రాలకు సూపర్ కెపాసిటర్లు వాడటానికి ఇదొక కారణం. గ్రిడ్ కరెంటు పోతే, కొన్ని సెకన్లలో రెక్కలను గాలికి ఎదురు నిలవని కోణంలోకి తిప్పాలి. దానికి కావలసింది తక్కువ శక్తే, కానీ వెంటనే కావాలి. ఎత్తయిన స్తంభం మీద తరచూ బ్యాటరీలు మార్చే పనీ తప్పుతుంది. ఫోన్, స్కూటర్, ఇంటి ఇన్వర్టర్ వంటివి గంటల తరబడి నడవాలి కాబట్టి అక్కడ బ్యాటరీయే తగినది.