నిష్పత్తి ఒకటికి చేరితే?

1 + 1/2 + 1/3 + 1/4... ఇలా కూడుకుంటూ పోతే మొత్తం ఎక్కడైనా ఆగుతుందా? కంప్యూటర్‌కి అప్పజెబితే పది లక్షల పదాలకు వచ్చేది సుమారు 14.39. ఇంకో పది లక్షల పదాలు కలిపినా పెరిగేది 0.69 మాత్రమే. ఇక ఆగినట్టే అనిపిస్తుంది, కానీ ఆగదు. 14వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన నికోల్ ఒరెమ్ దీన్ని తేలిగ్గా తేల్చేశాడు. 1/3, 1/4 కలిపితే అరకన్నా ఎక్కువ. తర్వాతి నాలుగు పదాలు కలిపినా అరకన్నా ఎక్కువే, ఆ తర్వాతి ఎనిమిదీ అంతే. అరలు అలా వస్తూనే ఉంటాయి కాబట్టి మొత్తానికి హద్దు లేదు. పదాలు సున్నాకు చేరకపోతే శ్రేణి అభిసరించదు, నిజమే. చేరినంత మాత్రాన అభిసరిస్తుందని కాదు.

అందుకే పరీక్షలు. డిగ్రీలో చాలామంది ఏ శ్రేణి కనిపించినా ముందు రేషియో టెస్టు పెట్టేస్తారు. అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చూడ్డానికి x + x²/2 + x³/3 + ... అనే ఒక్క శ్రేణి చాలు.

ఒక పదాన్ని దాని ముందు పదంతో భాగిస్తే x · n/(n+1) వస్తుంది. n పెరిగేకొద్దీ ఇది xకి చేరుతుంది. x = 1/2 అయితే అవధి సగం, ఒకటికన్నా తక్కువ, కాబట్టి అభిసరణ. x = 3 అయితే అపసరణ. అసలు ఈ పరీక్ష చేసే పని శ్రేణిని గుణశ్రేణితో పోల్చడమే. కాబట్టి పదంలో ఘాతాలో, n! లాంటి క్రమగుణితాలో ఉంటే చక్కగా తేల్చేస్తుంది.

x = 1 దగ్గర వస్తుంది చిక్కు. నిష్పత్తి n/(n+1) ఎప్పుడూ ఒకటికన్నా తక్కువే కదా, అభిసరిస్తుందని రాసేవాళ్లు తరగతికి కొందరైనా ఉంటారు. చూడాల్సింది ఒక్కో నిష్పత్తిని కాదు, అవధిని. ఆ అవధి ఇక్కడ సరిగ్గా 1. 1/n² పదాలుగా ఉన్న శ్రేణికీ అవధి 1 వస్తుంది. ఒరెమ్ చూపినట్టు మొదటిది అపసరిస్తుంది, రెండోది మాత్రం π²/6కి చేరుతుంది. అంటే అవధి 1 వస్తే పరీక్ష ఏమీ చెప్పనట్టే.

అప్పుడు రూట్ టెస్టుకి పరుగెత్తడం దండగ. నిష్పత్తుల అవధి 1 అయితే n-వ మూలం అవధీ 1 అవుతుంది. రూట్ టెస్టుకు సరైన చోటు పదం మొత్తం n-వ ఘాతంలో ఉన్నప్పుడు. (n/(2n+1))ⁿకి మూలం తీస్తే n/(2n+1) మిగులుతుంది, దాని అవధి సగం, పని అయిపోయింది.

నిష్పత్తి 1 దగ్గర ఆగిందంటే పదంలో n మామూలు ఘాతాలే ఉన్నాయేమో చూడాలి. అలా ఉంటే పోలిక పరీక్ష. (3n+5)/(n³+n)లో పెద్ద n దగ్గర లెక్కకొచ్చేవి 3n, n³ మాత్రమే, కాబట్టి ఇది 3/n²లా నడుస్తుంది, అభిసరిస్తుంది. అసమానత దిశ మాత్రం జాగ్రత్త. 1/(n+1000) అనేది 1/n కన్నా చిన్నది. అపసరించే శ్రేణికన్నా చిన్నదని తెలిస్తే ఏమీ తెలిసినట్టు కాదు. రెండింటినీ భాగిస్తే అవధి 1 వస్తుంది, అంటే రెండింటిదీ ఒకే గతి: అపసరణ. ఒకే అవధి 1 రేషియో టెస్టులో ఏమీ చెప్పదు, ఇక్కడ అంతా చెప్పేస్తుంది. విద్యార్థులు కలగాపులగం చేసేది సరిగ్గా ఈ రెండింటినే.

ఇక x = −1. గుర్తులు మారుతూ −1 + 1/2 − 1/3 + ... వస్తుంది. గుర్తులు తీసేస్తే అపసరించే శ్రేణే. కానీ పదాల పరిమాణం క్రమంగా తగ్గుతూ సున్నాకు చేరుతోంది కాబట్టి లీబ్నిజ్ పరీక్ష ప్రకారం అభిసరిస్తుంది, మొత్తం −ln 2. ‘క్రమంగా తగ్గుతూ’ అన్న షరతును దాటేస్తే మోసపోతాం. 1 − 1 + 1/2 − 1/4 + 1/3 − 1/9 + ... లోనూ గుర్తులు మారుతున్నాయి, పదాలు సున్నాకు చేరుతున్నాయి. అయినా అపసరిస్తుంది, ఎందుకంటే కూడేవి 1/n, తీసేసేవి 1/n² మాత్రమే.

అభిసరిస్తుందని తేలినా ఎంత వేగంగా అన్నది వేరే ప్రశ్న. ఏకాంతర శ్రేణిలో దోషం తర్వాతి పదాన్ని మించదు. కేరళకు చెందిన మాధవుడి పేరుతో తెలిసిన π/4 = 1 − 1/3 + 1/5 − ... కూడా ఈ కోవలోదే. దీంతో πలో నాలుగు దశాంశాలు రాబట్టాలంటే వేల పదాలు కూడాలి. రామానుజన్ 1914లో ప్రచురించిన 1/π శ్రేణికి రేషియో టెస్టు పెడితే అవధి 1/99⁴ వస్తుంది, అంటే సుమారు పది కోట్లలో ఒక వంతు. ఒక్కో పదానికి దాదాపు ఎనిమిది అంకెలు దొరుకుతాయన్నమాట. 1985లో బిల్ గాస్పర్ πకి కోటీ డెబ్బై లక్షలకు పైగా అంకెలు లెక్కగట్టింది ఈ శ్రేణితోనే.