ఒక చార్టుపై నొక్కితే పక్క చార్టులు ఎలా మారతాయి

పవర్ బీఐ రిపోర్టులో ఒకే పేజీ మీద ఉన్న చార్టులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒకదానిలో ఏ భాగంపైనైనా నొక్కితే మిగతావి రెండు రకాలుగా స్పందిస్తాయి. క్రాస్ ఫిల్టరింగ్‌లో ఆ ఎంపికకు చెందని డేటా పూర్తిగా తప్పుకుంటుంది. క్రాస్ హైలైటింగ్‌లో ఏదీ తప్పుకోదు. ఎంపికకు చెందిన భాగం ముదురుగా నిలుస్తుంది, మిగతాది వెలిసినట్టు కనిపిస్తుంది.

ఒక స్టేషనరీ వ్యాపారానికి రెండు దుకాణాలు ఉన్నాయనుకుందాం. విజయవాడలో అమ్మకం 40 లక్షలు, అందులో నోటు పుస్తకాలవి 10 లక్షలు. వరంగల్‌లో 20 లక్షలు, అందులో నోటు పుస్తకాలవి 9 లక్షలు. సరుకుల వారీ డోనట్ చార్టులో నోటు పుస్తకాలపై నొక్కితే, హైలైటింగ్ ఉన్న కాలమ్ చార్టులో విజయవాడ కాలమ్‌లో పావు వంతు, వరంగల్ కాలమ్‌లో దాదాపు సగం ముదురుగా కనిపిస్తాయి. వరంగల్ వ్యాపారం నోటు పుస్తకాల మీద ఎంతగా ఆధారపడిందో చూడగానే తెలుస్తుంది. అదే ఫిల్టరింగ్ అయితే 10, 9 లక్షల కాలమ్‌లు రెండే మిగులుతాయి. పైగా అక్షం కొలమానం కూడా తగ్గి, అవి మునుపటంత ఎత్తుగా కనిపించవచ్చు. రెండు ఊళ్లూ ఒకేలా ఉన్నాయని చూసేవారు పొరబడేది ఇక్కడే. వాటా తెలియాలంటే హైలైటింగే సరైనది. నోటు పుస్తకాల అమ్మకాన్ని మాత్రమే విడిగా పరిశీలించాలంటే ఫిల్టరింగ్ మేలు.

సగటులను చూపే చార్టులో మాత్రం హైలైటింగ్‌ను నమ్ముకోకూడదు. ఎంచుకున్న సరుకు సగటు ధర మొత్తం సగటు కన్నా ఎక్కువ కావచ్చు. అప్పుడు ముదురు భాగం వెలిసిన కాలమ్‌ను దాటిపోతుంది, దాన్ని వాటాగా చదవడం కుదరదు.

ముందే అమర్చి ఉన్న పద్ధతిలో బార్, కాలమ్, డోనట్ చార్టులు హైలైట్ అవుతాయి. లైన్ చార్టు, పట్టిక, కార్డు ఫిల్టర్ మాత్రమే అవుతాయి. అందుకే పై ఉదాహరణలో నోటు పుస్తకాలపై నొక్కగానే ‘మొత్తం అమ్మకం’ కార్డు 60 నుంచి 19 లక్షలకు పడిపోతుంది. శీర్షిక మాత్రం మారదు. మొత్తాన్ని ఎప్పుడూ చూపాల్సిన కార్డును ఈ ప్రభావం నుంచి తప్పించడం అవసరం.

అందుకు నొక్కే చార్టును, అంటే డోనట్‌ను, ముందు ఎంచుకుని Format ట్యాబ్‌లో Edit interactions నొక్కాలి. మిగతా విజువల్స్ పై మూలలో చిన్న గుర్తులు వస్తాయి: ఫిల్టర్, హైలైట్ (వీలున్న చోట మాత్రమే), ఏ ప్రభావమూ వద్దనే None. కార్డుపై None ఎంచుకుంటే దాని అంకె కదలదు. ఈ అమరిక ఒకవైపే పనిచేస్తుంది. డోనట్ నుంచి కార్డుకు ఆపినంత మాత్రాన కాలమ్ చార్టు నుంచి ఆగదు, దానికి విడిగా చెప్పాలి. పని అయ్యాక Edit interactions మళ్లీ నొక్కితే గుర్తులు పోతాయి. అమరిక రిపోర్టుతోపాటే సేవ్ అవుతుంది.

ఫిల్టర్ గుర్తు ఉన్నా అంకెలు కదలకపోతే లోపం అక్కడ కాక డేటా మోడల్‌లో ఉండొచ్చు. రెండు పట్టికల మధ్య సంబంధం ఉందో లేదో, ఫిల్టర్ ఏ దిశలో ప్రవహిస్తోందో ముందుగా చూడాలి.