మానేసిన కస్టమర్‌కు రాసే మెయిల్

కొంతకాలం కొని, తర్వాత కొనడం మానేసినవారిని మళ్లీ రప్పించడానికి వ్యాపారాలు పంపే మెయిల్‌ను మార్కెటింగ్ వాళ్లు విన్‌బ్యాక్ మెయిల్ అంటారు. ఇలాంటివి అందరి ఇన్‌బాక్సుల్లోనూ ఉంటాయి. పైన ‘మిమ్మల్ని మిస్ అవుతున్నాం!’ అనే శీర్షిక, పక్కన ఏడుపు ముఖం బొమ్మ, మధ్యలో 20 శాతం తగ్గింపు కూపన్, కింద ఆరేడు కొత్త సరుకుల ఫొటోలు. చదివేవారు ఎప్పుడు ఏం కొన్నారో అందులో మాటమాత్రం ఉండదు. పోయిన వారం కొన్నవారికి పంపినా, ఏడాది కిందట మానేసినవారికి పంపినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. అలాంటి మెయిల్‌ను తిరగరాయాలంటే రెండు విషయాలు తెలిసి ఉండాలి: ఆ మనిషి నిజంగా మానేశారా, మానేస్తే ఎందుకు?

గుంటూరు నుంచి హైదరాబాద్, బెంగళూరు ఇళ్లకు పచ్చళ్లు, పొడులు పార్సిల్ చేసే చిన్న వ్యాపారం ఒకటి ఉందనుకుందాం. మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్‌లో సాధారణంగా 90 రోజులు ఆర్డరు రాకపోతే మానేసినట్టే అని ఒక గీత గీసేస్తుంటారు. పచ్చళ్ల దగ్గర ఆ గీత పనికిరాదు. ఆవకాయ వేసవి సరుకు. మే నెలలో రెండు కిలోలు తెప్పించుకున్న ఇల్లు అక్టోబరులో ఆర్డరు పెట్టలేదంటే అర్థం, జాడీలో ఇంకా ఉందని. వాళ్లకు ‘మమ్మల్ని మరిచిపోయారా?’ అని మెయిల్ వెళితే నవ్వుకుంటారు, లేదా విసుక్కుంటారు. అదే, కందిపొడి నెలనెలా తెప్పించుకునే మనిషి రెండున్నర నెలలుగా కనిపించకపోతే ఆలోచించాల్సిందే. అందుకని ఒక్కొక్కరికి ఆర్డరుకీ ఆర్డరుకీ మధ్య మామూలుగా ఎంత ఎడం ఉంటుందో చూసి, దానికి రెట్టింపు గడిస్తే మానేసినట్టు లెక్కేయడం మేలు. ఇది మోటు లెక్కే కానీ, అందరికీ ఒకే గీత గీయడం కన్నా నయం.

రెండో ప్రశ్నకు జవాబు పాత ఫిర్యాదుల్లో దొరుకుతుంది. ఫోన్లో చెప్పినవి, వాట్సాప్‌లో పంపిన ఫొటోలు, పార్సిల్ తిప్పిపంపినప్పుడు రాసిన కారణాలు అన్నీ ఒకచోట పెట్టి చదవాలి. మన పచ్చళ్ల వ్యాపారంలో ఎక్కువమంది చెప్పింది ఒకటే అనుకుందాం: దారిలో మూత వదులై నూనె కారింది, అట్టపెట్టె అంతా జిడ్డయింది. వ్యాపారి ఆ లోపం సరిచేశాడు. ఇప్పుడు మూత కింద సీసా నోటికి అల్యూమినియం రేకు సీలు వేస్తున్నాడు. మెయిల్‌లో చెప్పదగిన కారణం అదే. లోపం అలాగే ఉండగా మెయిల్ పంపితే, తిరిగొచ్చిన మనిషి రెండోసారి జిడ్డుపెట్టె విప్పుతాడు. ఆ తర్వాత ఏం రాసినా రాడు. అలాంటప్పుడు మెయిల్ ఆపి ముందు మూత సంగతి చూడాలి.

తిరగరాసిన మెయిల్ ఇలా ఉండొచ్చు. సబ్జెక్ట్ లైన్: ‘ఇప్పుడు సీసాలకు రేకు సీలు వేస్తున్నాం’. లోపల:

‘నమస్కారమండీ. మీరు మా దగ్గర చివరిసారి గోంగూర పచ్చడి తెప్పించుకున్నది పోయిన ఆగస్టులో. ఆ తర్వాత మీ నుంచి ఆర్డరు రాలేదు. అప్పట్లో మా పార్సిళ్లలో కొన్నిటికి దారిలో నూనె కారింది. మీకూ అలా జరిగి ఉంటే క్షమించండి. ఇప్పుడు ప్రతి సీసాకూ మూత కింద రేకు సీలు వేస్తున్నాం. మళ్లీ గోంగూర కావాలంటే కింది లింకు నొక్కండి. మానేయడానికి కారణం వేరే ఉంటే ఈ మెయిల్‌కే జవాబు రాయండి, చదువుతాం.’

ఎడాన్ని ఒప్పుకోవడమంటే రెండో వాక్యంలోనూ మూడో వాక్యంలోనూ జరిగిన పని. నెల చెప్పారు, సరుకు చెప్పారు, ఆర్డరు రాలేదని చెప్పి ఊరుకున్నారు. నిష్ఠూరం లేదు. ‘ఎక్కడికి వెళ్లిపోయారు?’ అని అడిగితే కొనకపోవడం తప్పన్నట్టు ఉంటుంది. తేదీ, ఆర్డరు నంబరు, సైటు ఎన్నిసార్లు చూసి వెళ్లారో కూడా ఏకరువు పెడితే, కనిపెట్టి చూస్తున్నారన్న జంకు పుడుతుంది. నెలా సరుకూ చాలు. ‘మీకూ అలా జరిగి ఉంటే’ అన్న మాట కూడా ఊరికే పెట్టింది కాదు. ఎవరి సీసా కారిందో వ్యాపారికి అందరి విషయంలో తెలియదు. ఫిర్యాదు చేసినవారికి మాత్రం ఈ ‘ఉంటే’ పనికిరాదు. వాళ్లకు ‘మీ పార్సిల్ కారింది, మీరు చెప్పారు’ అని విడిగా రాయాలి.

ఇక కారణం ఒక్కటే ఎందుకు? రేకు సీలు పక్కన కొత్త పొడులు, దసరా ఆఫరు, యాప్ డౌన్‌లోడ్ కూడా పెడితే ఇది మళ్లీ మామూలు ప్రకటన అయిపోతుంది. ఫోన్లో వేలితో తోసేసే సమయంలో ఒక విషయమే తలకెక్కుతుంది. లింకు కూడా ఒక్కటే ఉండాలి, అది నేరుగా గోంగూర పేజీకే వెళ్లాలి.

తగ్గింపు కూపన్ ఈ కారణానికి బదులు కాదు. నూనె కారినందుకు మానేసిన మనిషి ధర తగ్గించమని అడగలేదు. పైగా, మానేస్తే కూపన్ వస్తుందని తెలిస్తే కొందరు దానికోసమే ఆగుతారు. ధర ఎక్కువని మానేశారని రుజువుంటే మాత్రం అదే కారణమవుతుంది. అప్పుడు కూడా 20 శాతం కోత కన్నా పావుకిలో సీసా అమ్మకానికి పెట్టామన్న కబురు ఎక్కువ కాలం పనిచేయొచ్చు.

మెయిల్ పనిచేసిందో లేదో ఎంతమంది తెరిచారన్న లెక్కతో తేలదు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా ఏర్పాటు వల్ల, మనిషి చదవకపోయినా తెరిచినట్టు నమోదయ్యే వీలుంది. ఆర్డర్లే లెక్కపెట్టాలి. అందులోనూ ఒక మెలిక ఉంది: మెయిల్ లేకపోయినా కొందరు వాళ్లంతట వాళ్లే తిరిగొస్తారు. జాబితాలో 1,200 మంది ఉంటే, చీటీలు తీసినట్టు 200 మందిని పక్కన పెట్టి మిగతా వెయ్యిమందికే పంపాలి. నెల తర్వాత పంపినవారిలో 80 మంది, పంపనివారిలో 10 మంది కొన్నారనుకుందాం. అంటే 8 శాతం, 5 శాతం. మెయిల్ తెచ్చింది ఆ తేడా 3 శాతమే, సుమారు 30 ఆర్డర్లు. ఎనభై ఆర్డర్లూ మెయిల్ ఘనతే అనుకుంటే లెక్క తప్పుతుంది. పక్కన పెట్టిన గుంపు చిన్నది కాబట్టి ఈ 30 కూడా ఉజ్జాయింపే.

జవాబు రాకపోతే రెండు మూడు వారాలాగి ఇంకొక్క మెయిల్ పంపొచ్చు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఆ చిరునామాను జాబితాలోంచి తీసేయాలి. మర్యాద సంగతి అటుంచితే, పాత జాబితాలతో నష్టం కూడా ఉంది. ఎప్పుడో కొన్న దుకాణాన్ని మరిచిపోయినవారు మెయిల్‌ను స్పామ్ అని నొక్కుతారు. 2024 ఫిబ్రవరి నుంచి అమలవుతున్న జీమెయిల్ నిబంధనల ప్రకారం ఆ ఫిర్యాదులు 0.3 శాతానికి, అంటే వెయ్యికి మూడుకు, చేరకూడదు. రోజుకు 5,000కు మించి మెయిళ్లు పంపేవారైతే ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు కూడా ఇవ్వాలి. ఆ గీత దాటితే దెబ్బ మానేసినవారి మెయిళ్లతో ఆగదు. నిన్న డబ్బు కట్టి పార్సిల్ కోసం చూస్తున్నవారికి వెళ్లాల్సిన రసీదు కూడా స్పామ్‌లో పడొచ్చు.