బొమ్మల పుస్తకం మీ చేతిలో, కథ పిల్లల నోట

న్యూయార్క్ నగరానికి తూర్పున ఉన్న లాంగ్ ఐలాండ్‌లో, స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ 1980లలో ఓ చిన్న ప్రయోగం చేశారు. 21 నుంచి 35 నెలల వయసు పిల్లలున్న ముప్ఫై దాకా కుటుంబాలను ఎంచుకున్నారు. అన్నీ మధ్యతరగతి ఇళ్లే. పిల్లలకు పుస్తకాలు చదివి వినిపించే అలవాటు ఆ ఇళ్లలో అప్పటికే ఉంది. సగం మంది తల్లిదండ్రులను ఎప్పటిలాగే చదవమన్నారు. మిగతా సగం మందికి చదివే తీరు మార్చుకోవడం ఎలాగో రెండు విడతలుగా కాసేపు నేర్పి పంపారు. రెండు గుంపులవాళ్లూ చదువుతున్నప్పుడు టేపు రికార్డరు పెట్టుకున్నారు.

నెల తిరిగాక పిల్లలకు మాటల పరీక్షలు పెట్టారు. తీరు మార్చుకున్న ఇళ్ల పిల్లలు, మనసులోది మాటల్లో చెప్పగలగడాన్ని కొలిచే ఒక పరీక్షలో తోటివాళ్ల కంటే 8.5 నెలలు ముందున్నారు. బొమ్మ చూసి పేరు చెప్పే పరీక్షలో 6 నెలలు ముందున్నారు. తొమ్మిది నెలల తర్వాత మళ్లీ చూస్తే తేడా కొంత తగ్గింది కానీ పోలేదు. 1988లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లలకు చదివి వినిపించడం మంచిదని అందరికీ తెలుసు. ఎలా చదువుతున్నామన్నదాన్ని బట్టి కూడా ఫలితం మారుతుందని ఈ ప్రయోగం చూపించింది.

ఇంతకీ ఆ తల్లిదండ్రులు ఏం మార్చుకున్నారు? మామూలుగా పెద్దవాళ్లు చదువుతుంటే పిల్లలు కదలకుండా వింటారు. మధ్యలో ఏదైనా అడిగితే, ‘ముందు కథ విను’ అంటాం. వైట్‌హర్స్ట్ దీన్ని తిరగేశారు. పుస్తకం పెద్దవాళ్ల చేతిలోనే ఉంటుంది కానీ, కథ చెప్పే పని కొంచెం కొంచెంగా పిల్లలకు అప్పజెప్పాలి. పెద్దవాళ్లు అడిగేవాళ్లుగా, వినేవాళ్లుగా మారాలి. ఇందులో అడుగులు నాలుగే. పేజీ చూపించి పిల్లలు మాట్లాడేలా ఏదో ఒకటి అడగడం, వాళ్లు చెప్పింది సరైనదో కాదో తేల్చడం, ఆ మాటకు ఇంకో రెండు మాటలు చేర్చి పూర్తి వాక్యంగా అనడం, ఆ వాక్యాన్ని వాళ్లతో మళ్లీ అనిపించడం.

ఓ పేజీ తీసుకుని చూద్దాం. సంతలో కూరగాయల బుట్టల మధ్య ఓ మేక. దాని నోట్లో తోటకూర కట్ట. వెనకాల కర్ర పట్టుకుని పరుగెత్తుకొస్తున్న ముసలమ్మ. మూడేళ్ల పాప అమ్మ ఒళ్లో కూర్చుని ఉంది.

‘ఇక్కడ ఏం జరుగుతోందమ్మా?’ అంటుంది తల్లి.

పాప కాసేపు బొమ్మను చూస్తుంది. ‘మేక తింటోంది.’

‘అవును, మేక తోటకూర కట్ట తినేస్తోంది. నువ్వూ అను.’

‘మేక తోటకూర కట్ట తినేస్తోంది.’

‘మరి ఈ అవ్వ ఎందుకు పరిగెడుతోంది?’

‘కొత్తది. దెబ్బ!’

‘ఆఁ, తన కూర తినేసిందని అవ్వకు కోపమొచ్చింది. కర్రతో అదిలిస్తోంది. మొన్న మన పెరట్లోకి మేక వస్తే నాన్నమ్మ ఏం చేసింది?’

ఇంతే. నిమిషం కూడా పట్టదు. అయినా ఈ నిమిషంలో చాలా జరిగింది. రెండు మాటల వాక్యం నాలుగు మాటలైంది. ‘కట్ట’, ‘అదిలించడం’ అనే మాటలు బొమ్మతో కలిసి పాప చెవిన పడ్డాయి. ‘కొత్తది’ అన్న పిల్ల మాటను తల్లి తప్పుపట్టలేదు, ఆ భావాన్నే తీసుకుని పెద్దది చేసింది. చివర్లో పుస్తకంలోని మేకను ఇంటి పెరట్లోకి తెచ్చింది. కళ్లముందు లేనిదాన్ని, జరిగిపోయినదాన్ని మాటల్లో పెట్టాలంటే పాప వరుసగా కొన్ని వాక్యాలు కూర్చుకోవాలి. రేపు బడిలో పాఠం విని అర్థం చేసుకోవడానికి కావలసిన నేర్పు ఇదే.

అన్ని వయసులకూ ఒకే ప్రశ్న పనికిరాదు. రెండేళ్లవాళ్లను ‘ఇదేంటి? ఏం చేస్తోంది?’ అంటే చాలు. పేరు చెప్పడం వచ్చేసిన పిల్లలను ఇంకా ‘ఇదేంటి?’ అనే అడుగుతుంటే విసుగొస్తుంది. మూడేళ్లు దాటాక ‘ఎందుకు?’, ‘తర్వాత ఏమవుతుందో?’, ‘నువ్వైతే ఏం చేసేదానివి?’ అనేవైపు జరగాలి. బాగా తెలిసిన కథలో వాక్యం చివర ఆగితే చాలు, మిగతాది పిల్లలే పూర్తి చేస్తారు.

మన ఇళ్లలో ఈ పద్ధతి ఎక్కువగా గాడి తప్పేది ఒకచోట. అడగమన్నారు కదా అని అది పరీక్ష అయిపోతుంది. ‘ఇది వాట్ కలర్? హౌ మెనీ బాల్స్? చెప్పు, చెప్పు, నిన్న చెప్పావుగా!’ అని పేజీకి పది ప్రశ్నలు పడతాయి. ఎదురుగా చుట్టాలుంటే మరీను. అది గాడి తప్పిందని పిల్లల్ని చూస్తే తెలిసిపోతుంది. పాప బొమ్మను వదిలేసి అమ్మ ముఖం చూస్తుంది, సరైన జవాబేదో అక్కడ వెతుక్కోవడానికి. లేదా రెండు మూడు పేజీలు కలిపి తిప్పేస్తుంది. అప్పుడు ప్రశ్నలు ఆపేసి రెండు పేజీలు హాయిగా చదివి వినిపించాలి. కొత్త పుస్తకాన్ని మొదటిసారి అసలేమీ అడగకుండా చదవడమే మేలు. ప్రశ్నలు రెండోసారి నుంచి, పేజీకి ఒకటో రెండో. అడిగాక మనసులో అయిదు లెక్కపెట్టుకుంటూ ఆగాలి. పెద్దవాళ్లకు ఆ అయిదు అంకెలూ చాలా పొడుగ్గా అనిపిస్తాయి. పిల్లలకు మాట వెతుక్కోవడానికి ఆ సమయం కావాలి.

చదివిందే మళ్లీ చదవమని పిల్లలు పేచీ పెడితే సంతోషంగా చదవండి. ఇంగ్లండ్‌లోని సస్సెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హోర్స్ట్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో, మూడేళ్ల పిల్లల్లో కొందరికి వారంలో ఒకే కథను మళ్లీ మళ్లీ చదివారు. ఇంకొందరికి వేర్వేరు కథలు చదివారు. కొత్త మాటలు రెండు గుంపులకూ సమానంగానే వినిపించాయి. అయినా వాటిని బాగా గుర్తుపెట్టుకున్నది ఒకే కథ విన్నవాళ్లు. కథ ముందే తెలిసి ఉంటే తర్వాత ఏమవుతుందోనన్న ధ్యాస తగ్గి, మాటల మీదికి మనసు పోతుంది. కాబట్టి ఇంట్లో యాభై పుస్తకాలు లేవని దిగులు పడక్కర్లేదు.

ఎలాగూ పిల్లలతో రోజంతా మాట్లాడుతూనే ఉంటాం కదా, మళ్లీ పుస్తకమెందుకు అనే అనుమానం సహజం. 2015లో జెస్సికా మోంటాగ్, ఆమె సహచరులు 100 ఇంగ్లిషు బొమ్మల పుస్తకాలను, తల్లిదండ్రులు పిల్లలతో మామూలుగా ఆడే మాటలను పక్కపక్కన పెట్టి లెక్కించారు. ఒకే పరిమాణంలో తీసుకుని చూస్తే, పుస్తకాల్లోనే ఎక్కువ రకాల మాటలున్నాయి. తెలుగింట్లోనూ కాసేపు చెవి పెట్టి వింటే సంగతి తెలుస్తుంది. ‘రా, తిను, పాలు తాగు, అది ముట్టుకోకు, బూట్లు వేసుకో’ అనే మాటల చుట్టూనే రోజు గడుస్తుంది. గుహ, పొద, ఊబి, తొంగిచూడటం, పసిగట్టడం లాంటివి వంటింట్లోనో స్కూటరు మీదో ఎందుకొస్తాయి? అవి కథలోనే వస్తాయి.

తెలుగు తల్లిదండ్రులకు ఇక్కడ ఇంకో సంగతి ఎదురవుతుంది. అచ్చులో ఉన్న తెలుగు ఇంట్లో మాట్లాడే తెలుగులా ఉండదు. శ్రీకాకుళంలోనో కరీంనగర్‌లోనో చిత్తూరులోనో పిల్లలకు ఆ వాక్యం కొత్తగా వినిపిస్తుంది. అలాంటప్పుడు అచ్చులో ఉన్నది ఒకసారి చదివి, వెంటనే ఇంటి యాసలో మళ్లీ చెబితే సరిపోతుంది. పిల్లలు యాసలో జవాబిస్తే దిద్దకూడదు. చేతిలో ఉన్నది ఇంగ్లిషు పుస్తకమే అయితే, ఆ వాక్యాలు పక్కనపెట్టి బొమ్మల మీద తెలుగులో మాట్లాడుకోవచ్చు. అమెరికాలో పెరిగే పిల్లలు తెలుగు ప్రశ్నకు ఇంగ్లిషులో జవాబిస్తారు. వాళ్లను ఆపకుండా, అదే మాటను తెలుగు వాక్యంగా మార్చి తిరిగి అంటే, ఆ మూడో అడుగు అక్కడా పనిచేస్తుంది.

ఈ వయసులో ఇది అక్షరాలు దిద్దించే పని కాదు. పెద్దవాళ్లు చదువుతున్నంతసేపూ పిల్లల చూపు దాదాపు బొమ్మల మీదే ఉంటుందని, కళ్ల కదలికలను నమోదు చేసిన పరిశోధనల్లో తేలింది. అప్పుడప్పుడూ పేరు కింద వేలు పెట్టి ‘ఇక్కడ మేక అని రాసుంది’ అంటే చాలు, అచ్చుకూ మాటకూ ఉన్న ముడి వాళ్లకు తెలుస్తుంది.

ఫోనులో బొమ్మల కథ పెట్టి ఇవ్వడం దీనికి సాటి రాదు. అమెరికాలో మీటలు నొక్కితే మాట్లాడే ఎలక్ట్రానిక్ పుస్తకాలను తల్లిదండ్రులు, పిల్లలు కలిసి చదువుతుంటే పరిశోధకులు గమనించారు. కథ గురించిన మాటలు తగ్గిపోయి, ‘అది నొక్కకు, ఇటు పట్టుకో’ అనే మాటలు పెరిగాయి.

తల్లికి చదువు రాకపోతే? దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ పక్కనున్న ఖాయెలిత్షా అనే పేద బస్తీలో, 14 నుంచి 16 నెలల పిల్లలున్న తల్లులకు బొమ్మల పుస్తకం పట్టుకుని మాట్లాడటాన్ని 8 వారాలపాటు నేర్పారు. ఆ పిల్లల మాటలూ, ఒకదాని మీద మనసు నిలిపే శక్తీ, శిక్షణ అందని ఇళ్ల పిల్లల కంటే మెరుగయ్యాయి. 2015లో వచ్చిన ఈ ఫలితం మన పల్లెల్లోని అమ్మమ్మలకూ తాతయ్యలకూ కూడా పనికొస్తుంది. బొమ్మ చూసి కథ అల్లడానికి అక్షరాలు అక్కర్లేదు.

అయితే దీనికీ హద్దులున్నాయి. తర్వాతి పరిశోధనలన్నీ కలిపి చూస్తే, లాంగ్ ఐలాండ్‌లో కనిపించినంత పెద్ద తేడా అన్నిచోట్లా రాలేదు. రెండు మూడేళ్ల వయసులో లాభం ఎక్కువ, అయిదు దగ్గరపడేకొద్దీ తక్కువ. రెండున్నరేళ్లు వచ్చినా రెండు మాటలు కలిపి అనలేని పిల్లలను పుస్తకాలతో సరిపెట్టకుండా వైద్యులకు చూపించి, వినికిడి పరీక్ష చేయించాలి.

పుస్తకాలు దొరకవన్న బాధ ఇప్పుడు తగ్గింది. హైదరాబాద్‌లోని మంచి పుస్తకం, చెన్నైలోని తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులో బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ నడిపే స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. తెర మీద వద్దనుకుంటే అచ్చు తీయించుకోవచ్చు. పేజీకి ఒకటి రెండు వాక్యాలకు మించనిది, బొమ్మలో ఏదో ఒక పని జరుగుతున్నది ఒక్కటి ఎంచుకోండి. ఈ రాత్రి ఏమీ అడగకుండా చదివి వినిపించండి. రేపు అదే పుస్తకం తీసి, మొదటి పేజీ దగ్గర ‘ఇక్కడ ఏం జరుగుతోంది?’ అని అడిగి ఆగండి.