టైరు ఫొటో వచ్చింది, ప్రశ్న రాలేదు

కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఉన్నట్టుండి ఒక టైరు ఫొటో వచ్చి పడుతుంది. కింద ఒక్క మాట ఉండదు. పక్కగోడ మీద నిమ్మకాయంత ఉబ్బు మాత్రం కనిపిస్తుంది. పంపినవాడికి ఏం అడగాలో తెలియక అలా పంపాడు, లేదా అడగడానికి భయపడ్డాడు. ఇక జవాబులు మొదలవుతాయి. ఏ కంపెనీది, ఎంతకు కొన్నావు, వారంటీ ఉందా, నిదానంగా నడపమంటే విన్నావా అని. ఈ జవాబులన్నీ రేపటికి పనికొచ్చేవే. ఈ క్షణానికి కావలసినది మాత్రం ఒకటే: ఆ బండి ఇప్పుడు నడుస్తోందా, ఆగి ఉందా?

మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేట దాటాక టీకి ఆగి ఇలాంటి ఫొటోనే పంపాడు. కారులో ఐదుగురు, డిక్కీ నిండా సామాను. నేను మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేశాను. మెసేజ్ చూసుకునేలోపు వాడు బండి తీసేయవచ్చు.

"ఎక్కడున్నావురా?"

"హోటల్ దగ్గరే మామయ్యా. గాలి చూపించాను, ముప్పై మూడుంది. తగ్గలేదు. మెల్లగా పోతే కోదాడ దాకా లాగేయొచ్చా?"

"వద్దు. అక్కడే స్టెప్నీ మార్చు. అది అయ్యాక మిగతావి మాట్లాడుకుందాం."

గాలి తగ్గలేదన్న ధైర్యమే ఇక్కడ మోసం చేసేది. కారు టైరు పక్కగోడలో పైకి కనిపించే రబ్బరు కింద సన్నని దారాల పొర ఉంటుంది. ఒక అంచు నుంచి రెండో అంచు దాకా పరుచుకున్న ఆ దారాలే లోపలి గాలి ఒత్తిడిని ఆపుతాయి. రబ్బరు పని గాలి బయటికి పోకుండా చూడడం, దారాలను కాపాడడం. వేగంగా వెళ్తూ పదునైన అంచున్న గుంతలో పడ్డప్పుడో, డివైడర్ రాయిని గుద్దినప్పుడో, పక్కగోడ ఆ అంచుకీ ఇనుప రిమ్ముకీ మధ్య నలిగిపోతుంది. దారాలు తెగుతాయి, రబ్బరు తెగదు. దారాలు లేని చోట గాలి రబ్బరును బయటికి నెడుతుంది. అదే మనకు కనిపించే ఉబ్బు. రబ్బరు చిల్లు పడలేదు కాబట్టి మీటరు ముప్పై మూడే చూపిస్తుంది. గుంతలో పడ్డది వారం కిందటైనా ఉబ్బు ఈరోజు తేలవచ్చు. అందుకే చాలామందికి ఆ దెబ్బ ఎప్పుడు తగిలిందో గుర్తుండదు.

ఆ ఒక్క పల్చటి చోటు చక్రం తిరిగిన ప్రతిసారీ వంగుతుంది, వేడెక్కుతుంది. ఎన్ని కిలోమీటర్లు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. పేలితే మెల్లగా గాలి దిగే పంచర్‌లా ఉండదు, ఒక్కసారిగా పోతుంది.

దీనికి రిపేరు లేదు. తెగిన దారాలను పంచర్ షాపులో వేసే ప్యాచ్ కలపలేదు. లోపల ట్యూబు వేయిస్తే సరిపోతుందని చెప్పేవాళ్లుంటారు. ట్యూబు గాలిని పట్టుకుంటుందే గాని తెగిన గోడకు బలమివ్వదు. గాలి కొంచెం తగ్గించి నడపమనే సలహా ఇంకా చెడ్డది, గాలి తగ్గితే పక్కగోడ ఇంకా ఎక్కువ వంగి ఇంకా వేడెక్కుతుంది. వెనక్కి మార్చేస్తే చాలనేది మరొకటి. ముందు టైరు పేలితే స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. వెనకది పేలితే బండి వెనక భాగమే పక్కకు జారిపోతుంది, దాన్ని అదుపు చేయడం మామూలు డ్రైవరుకు మరీ కష్టం.

ఫొటో చూసి పొరబడే అవకాశం కూడా ఉంది. పక్కగోడలో కొన్నిచోట్ల నిలువుగా సన్నని గాడిలా లోపలికి నొక్కుకున్నట్టు కనిపిస్తుంది. దారాల పొర చివరలు ఒకదాని మీద ఒకటి అతికిన చోటు అది, భయం లేదు. లోపలికి ఉంటే అతుకు, బయటికి ఉంటే ఉబ్బు. ఎదురుగా తీసిన ఫొటోలో ఈ రెండింటినీ వేరు చేయలేం. టైరుకు పక్క నుంచి, పక్కగోడ అంచు వెంబడి చూస్తున్నట్టుగా మరో ఫొటో తీయమనండి. లేదా టైరు చల్లారాక అరచేత్తో మెల్లగా తడిమి చూడమనండి. నొక్కడం, గాలి ఇంకా కొట్టించడం వద్దు. ఏ సంగతీ తేలకపోతే ఉబ్బే అనుకోవడం మేలు.

బండి హైవే పక్కన ఆగి ఉంటే టైరు కంటే ముందు మనుషుల సంగతి. హజార్డ్ లైట్లు వేసి, అందరినీ దింపి, రోడ్డుకు దూరంగా, కడ్డీలు ఉంటే వాటి అవతల నిలబెట్టాలి. జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేయవచ్చు. లారీలు రయ్యిన పోతున్న వైపు కూర్చుని నట్లు విప్పడం కంటే సాయం కోసం ఎదురుచూడడం మంచిది.

స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసుకోమనాలి. ఏళ్ల తరబడి డిక్కీలో పడి ఉన్నది చాలాసార్లు మెత్తగా ఉంటుంది. మిగతా చక్రాల కంటే సన్నగా ఉండే స్టెప్నీ అయితే గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదని మామూలుగా దాని మీదే రాసి ఉంటుంది. కొన్ని కొత్త కార్లలో స్టెప్నీ బదులు పంచర్ కిట్ ఇస్తున్నారు. ఆ జిగురు మేకు దిగిన చిల్లుకు పనికొస్తుంది, ఉబ్బుకు ఏమీ చేయదు. అలాంటి కారైతే టో బండి పిలిపించడమే దారి.

ఫొటోలో ఉబ్బు లేకుండా అరిగిన టైరు మాత్రమే ఉంటే జవాబు వేరు. ఇనుప తీగలు బయటపడ్డాయా అన్నది మొదట చూడాలి. పడితే ఉబ్బుకు చెప్పినదే దానికీ. లేకపోతే గాడుల అడుగున అక్కడక్కడా అడ్డంగా ఉండే చిన్న రబ్బరు దిమ్మెలను చూడమనండి. కారు టైర్లకు వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పై రబ్బరు అరిగి వాటితో సమమైతే టైరు పని అయిపోయినట్టే. పొడి రోడ్డు మీద గుండు టైరు కూడా బాగానే పట్టినట్టు అనిపిస్తుంది. వానలో గాడులు నీళ్లను పక్కకు తోయలేవు. టైరు నీటి పొర మీద తేలి స్టీరింగు ఉన్నట్టుండి తేలికైపోతుంది, బ్రేకు పట్టదు. కాబట్టి ఈ మనిషికి "ఇప్పుడే ఆపు" అనక్కర్లేదు. "టైరు మార్చేదాకా వానలో తీయకు, హైవే ఎక్కకు" అంటే చాలు.

ఎక్కడ అరిగిందన్నది ఆ తరవాతి మాట. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో నడిపినట్టు, నడిమి మాత్రమే అరిగితే గాలి ఎక్కువ కొట్టినట్టు. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది, అది సరిచేయించకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే పోతుంది. అయితే బండి కింద నిలబడిన ఫొటోలో లోపలి అంచు కనపడదు. స్టీరింగు పూర్తిగా తిప్పి తీస్తే ముందు టైర్లవి కనిపిస్తాయి.

మా వాడు స్టెప్నీ వేసుకుని విజయవాడ చేరి, మర్నాడు కొత్త టైరు వేయించాడు. గుంత దెబ్బకు రిమ్ము వంగిందేమో చూపించమన్నాను, లోపలి అంచు కొద్దిగా వంగే ఉంది. పాత టైరును అక్కడే వదిలేయబోతుంటే దాని పక్కగోడను కత్తితో కోయించి మరీ రమ్మని చెప్పాను. గాలి తీసేశాక ఉబ్బు అణిగిపోతుంది, చూస్తే గాడులు బాగానే ఉంటాయి, అలాంటిది సెకండ్ హ్యాండ్ టైర్ల వరసలోకి చేరడానికి ఎంతోసేపు పట్టదు.